మలప్పురం 10 నుంచి 44 శాతానికి ఎలా వెళ్లింది? జిల్లా అర్బన్ శాతం లెక్క

ప్రశ్న: సర్, ఒక జిల్లాకి అర్బనైజేషన్ రేటు ఎలా లెక్కేస్తారు? కేరళలో మలప్పురం 2001లో 10 శాతం కూడా లేదు, 2011కి 44 శాతం అని చదివాను. పదేళ్లలో అంత సిటీ ఎలా అయిపోయింది? మన జిల్లాల్లో కూడా ఇలాంటి జంప్ ఉంటుందా? గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నా, కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

జవాబు:

లెక్క అంటే ఒక్క భాగహారమే అండి. జిల్లాలో "పట్టణం" అని సెన్సస్ వాళ్లు లిస్టులో పెట్టిన చోట్ల ఉన్న జనాభా మొత్తాన్ని కూడి, జిల్లా జనాభాతో భాగించి, వందతో గుణిస్తారు, అంతే. మలప్పురంలో ఆ పదేళ్లలో మారింది ప్రధానంగా ఆ లిస్టు. జనం ఎక్కడి వాళ్లు అక్కడే ఉన్నారు, వాళ్ల ఊళ్లు "గ్రామం" కాలమ్ లోంచి "పట్టణం" కాలమ్ లోకి వెళ్లాయి.

నేను జిల్లా గణాంక శాఖలో పాతికేళ్ల పైన పనిచేసి రిటైరయ్యాను, రెండు సెన్సస్‌లు దగ్గరుండి చూశాను, ఈ శాతం చూసి కంగారుపడే వాళ్లని మీటింగుల్లో చాలామందిని చూశాను కాబట్టి కొంచెం ఓపిగ్గా చెప్తా.

ముందు లిస్టులోకి ఎవరొస్తారో చూడండి. మూడు రకాలు. మొదటిది స్టాట్యుటరీ టౌన్, అంటే కార్పొరేషన్, మున్సిపాలిటీ, నగర పంచాయతీ, కంటోన్మెంట్ లాంటివి. ప్రభుత్వం జీవో ఇచ్చిందా, అయితే అది పట్టణమే, అక్కడ పొలాలున్నా గేదెలున్నా సెన్సస్ వాళ్లు ఏమీ అడగరు. రెండోది సెన్సస్ టౌన్. పేరుకి పంచాయతీనే, సర్పంచే ఉంటాడు, కానీ సెన్సస్ పెట్టిన మూడు పరీక్షలు పాసైతే లెక్కలో పట్టణం. మూడోది అవుట్‌గ్రోత్, అంటే మున్సిపాలిటీ పక్కనే అంటుకుని పెరిగిన కాలనీ, రెవెన్యూ లెక్కల్లో పక్క ఊరిదే అయినా పట్టణం జనాభాలో కలిపేస్తారు.

```
U = (ST + CT + OG) / P * 100
```

ఎస్‌టీ, సీటీ, ఓజీ అంటే పైన చెప్పిన మూడింటి జనాభాలు వరసగా, పీ అంటే జిల్లా మొత్తం జనాభా. ఎగ్జామ్ కోసం ఒక మాట, ఈ శాతాన్ని డెమోగ్రఫీలో అర్బనైజేషన్ లెవెల్ అంటారు, అది ఎంత స్పీడుగా పెరిగింది అనేదాన్ని రేటు అంటారు. మన దగ్గర రెండింటినీ కలిపి రేటు అనేస్తారు, నేనూ అలాగే వాడేస్తున్నా.

ఆ మూడు పరీక్షలు ఇవీ. ఊరి జనాభా కనీసం 5,000 ఉండాలి. చదరపు కిలోమీటరుకి కనీసం 400 మంది ఉండాలి. మగవాళ్లలో మెయిన్ వర్కర్లు ఎంతమంది ఉన్నారో వాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయం కాని పనిలో ఉండాలి. మూడూ ఒకేసారి పాసవ్వాలి, రెండు పాసై ఒకటి 74 దగ్గర ఆగినా గ్రామమే. (ఆడవాళ్ల పని ఈ పరీక్షలో అసలు చూడరు, నిజామాబాద్ వైపు ఊళ్లలో ఇంటింటికీ బీడీలు చుట్టే ఆడవాళ్లున్నా ఈ 75లోకి వాళ్లు రారు. అదెందుకలా అనేది వేరే గొడవ.)

అసలు కిటుకు ఇక్కడుంది: మనిషి మనిషిగా లెక్కలోకి రాడు, ఊరు మొత్తం ఒకేసారి వస్తుంది. 73 శాతం దగ్గరున్న ఊరు 76కి వెళ్తే నిజంగా జరిగింది మూడు శాతం మార్పు, కానీ ఆ ఊళ్లో పసిపిల్లల దగ్గర్నుంచి పొలం దున్నే రైతు దాకా అందరూ ఒక్కసారిగా "అర్బన్" అయిపోతారు.

ఇప్పుడు మలప్పురం. అంకెలు కొంచెం దగ్గరగా చూడండి, ఇందులోనే జవాబు ఉంది.

2001లో జిల్లా జనాభా 36.25 లక్షలు, అర్బన్ 9.8 శాతం, అంటే దాదాపు 3.56 లక్షలు. మంజేరి, పొన్నాని, తిరూర్ లాంటి మున్సిపాలిటీల జనమే అందులో ఎక్కువ భాగం. 2011లో జిల్లా జనాభా 41.13 లక్షలు, అర్బన్ 44.2 శాతం, అంటే 18.17 లక్షలు.

జిల్లా మొత్తంలో పెరిగిన జనం 4.87 లక్షలు. అర్బన్‌లో పెరిగింది 14.6 లక్షలు. జిల్లాకే కొత్తగా 4.87 లక్షల మంది కలిస్తే పట్టణాలకి 14.6 లక్షల మంది ఎక్కడ్నుంచి వచ్చారు? మిగతా జనం గ్రామాల లెక్కలోంచే రావాలి కదా. చూస్తే అలాగే ఉంది, గ్రామీణ జనాభా 32.7 లక్షల నుంచి 23 లక్షలకి పడింది, దగ్గర దగ్గర 30 శాతం తగ్గుదల. పదేళ్లలో ప్రతి పది మందిలో ముగ్గురు ఊరొదిలేసి పట్టణానికి పోయి ఉంటే తాళాలేసిన ఇళ్లు వీధివీధినా కనిపించాలి. అలాంటిదేం లేదు. ఇళ్లూ మనుషులూ ఉన్నచోటే ఉన్నారు, కాలమ్ మారింది.

ఈ ఒక్క టెస్ట్ గుర్తుపెట్టుకోండి, ఏ జిల్లాకైనా రెండు నిమిషాల్లో చేయొచ్చు. అర్బన్ పెరుగుదల జిల్లా మొత్తం పెరుగుదల కంటే ఎక్కువగా ఉండి, గ్రామీణ జనాభా ఒక్కసారిగా పడిపోయి ఉంటే ముందు అనుమానించాల్సింది ఊళ్లు పేరు మార్చుకున్నాయని, వలస కాదు. అర్బన్ పెరుగుదలకి దార్లు నాలుగే, పట్టణాల్లో పుట్టుకలు చావుల తేడా, వలస, కొత్త పట్టణాల్ని గుర్తించడం, పాత పట్టణం హద్దులు పెంచడం. మొదటి రెండూ మనుషుల్లో వచ్చే మార్పు, తర్వాతి రెండూ కాగితం మీద మార్పు. పేపర్‌లో వచ్చే శాతంలో ఈ నాలుగూ కలిసిపోయి ఉంటాయి.

కేరళ మొత్తం మీదా ఇదే కథ. 2001లో 26 శాతం అర్బన్, 2011లో 47.7. ఆ పదేళ్లలో రాష్ట్ర జనాభా పెరిగింది 4.9 శాతమే. సెన్సస్ టౌన్లు మాత్రం 99 నుంచి 461 అయ్యాయి, మున్సిపాలిటీలు కార్పొరేషన్ల సంఖ్య దాదాపు కదల్లేదు. దేశం మొత్తంలో కూడా సెన్సస్ టౌన్లు 1,362 నుంచి 3,894కి వెళ్లాయి, ఆ పదేళ్ల అర్బన్ పెరుగుదలలో సుమారు 30 శాతం ఇలా కొత్తగా గుర్తించిన ఊళ్లదే అని లెక్కలేశారు.

మరి కేరళలోనే ఎందుకంత? అక్కడ రెవెన్యూ గ్రామం అంటే మన ఊరి సైజు కాదు. 2001 లెక్కల ప్రకారం సగటున ఒక్కో గ్రామానికి 17 వేల పైన జనం. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే సగటు రెండు వేల చిల్లర. పైగా అక్కడ ఇళ్లు ఒకచోట గుంపుగా ఉండవు, కొబ్బరి తోటల మధ్య వరసగా పోతూనే ఉంటాయి, ఈ ఊరు ఎక్కడ అయిపోయి ఆ ఊరు ఎక్కడ మొదలైందో బస్సులో పోయేవాడికి తెలీదు. కాబట్టి జనాభా పరీక్ష, సాంద్రత పరీక్ష చాలా ఊళ్లు ఎప్పుడో పాసైపోయి కూర్చున్నాయి. మిగిలింది 75 శాతం పరీక్ష ఒక్కటే. వరి తగ్గింది, గల్ఫ్ డబ్బుతో కట్టుబడి పనులు, షాపులు, ఆటోలు పెరిగాయి, వ్యవసాయంలో మగవాళ్లు మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చారు. ఆ తగ్గడం ఏళ్ల తరబడి నిదానంగా జరిగిందే, కానీ ఎక్కువ ఊళ్లు గీతకి ఇవతల దగ్గర దగ్గరగా నిలబడి ఉండటంతో గుంపుగా దాటేశాయి. అదే కేరళలో పక్కనున్న వయనాడ్ చూడండి, 2001లోనూ 2011లోనూ నాలుగు శాతం లోపే. అక్కడ ఊళ్లు కొండల మీద విశాలంగా ఉంటాయి, వ్యవసాయం ఎక్కువ.

2020 జనవరిలో మలప్పురం ప్రపంచంలోనే అత్యంత వేగంగా పెరుగుతున్న నగరం అని వాట్సాప్‌లో తిరిగింది గుర్తుందా? అదీ ఇక్కడ్నుంచి వచ్చిందే. మలప్పురం అర్బన్ అగ్లామరేషన్ అనే ముద్ద 2001లో 1.7 లక్షలు, 2011లో దాదాపు 17 లక్షలు. చుట్టుపక్కల సెన్సస్ టౌన్లన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉండటంతో ఒకే ముద్దలో కలిపేశారు. ఆ రెండు చుక్కల్నీ కలిపి గీత గీసి ముందుకి సాగదీస్తే ఏ నగరమైనా ప్రపంచంలో ఫస్టే వస్తుంది.

ఇప్పుడు అసలు ఏ మార్పూ లేకుండా కూడా ఊరు ఎలా గీత దాటుతుందో చెప్తా, ఇది చాలామందికి తెలీదు. అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఏ ఊరివీ కావు.

ఊరి జనాభా 6,200. విస్తీర్ణం 1,400 హెక్టార్లు అంటే 14 చదరపు కిలోమీటర్లు, సాంద్రత 443. రెండు పరీక్షలు పాస్. మగ మెయిన్ వర్కర్లు 1,800 మంది, అందులో సొంత సాగు 190, వ్యవసాయ కూలీలు 290, మిగతా 1,320 మంది వేరే పనులు. 1,320ని 1,800తో భాగిస్తే 73.3 శాతం. గ్రామం.

తర్వాత సెన్సస్‌లో అదే ఊరు, అవే అంకెలు అనుకోండి. కానీ ఆ ఏడు వానల్లేవు, 290 మంది కూలీల్లో 60 మందికి ఆరు నెలల పని దొరకలేదు. సెన్సస్‌లో ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన పనిచేసినవాడే మెయిన్ వర్కర్, తక్కువైతే మార్జినల్ వర్కర్. ఆ 60 మంది మార్జినల్‌లోకి వెళ్లిపోయారు. ఇప్పుడు మెయిన్ వర్కర్లు 1,740, వేరే పనుల్లో ఉన్నవాళ్లు అదే 1,320. భాగించండి, 75.9 శాతం. ఊరు పట్టణమైపోయింది! ఒక్క కొత్త కొట్టు తెరవలేదు, ఒక్కడు కూడా పొలం మానేసి ఫ్యాక్టరీకి పోలేదు, కూలీకి పని తగ్గింది, అంతే.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం కాదు. 2011 ఫిబ్రవరిలో ఎన్యూమరేషన్ జరుగుతున్నప్పుడు ఒక ఊళ్లో ఎన్యూమరేటర్ పక్కన నిలబడ్డాను, ఆయన స్కూల్ టీచరు, మంచి మనిషి. వరండాలో కూర్చున్న పెద్దాయన్ని "గత ఏడాది ఎన్నాళ్లు పనిచేశారు?" అని అడిగాడు. ఆయన నెలల్లో చెప్పడు కదా, "ఊడుపులప్పుడు ఎల్లానయ్యా, కోతలప్పుడు ఎల్లాను, మధ్యలో మినుము పీకడానికి కొన్నాళ్లు, రోడ్డు పని వస్తే రోడ్డు పని" అన్నాడు. టీచరు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, నా మొహం చూసి, "ఐదున్నర నెలలు వస్తోంది సార్, ఏం రాయమంటారు?" అన్నాడు. నిబంధన ప్రకారం మార్జినల్. ఇంకో ఎన్యూమరేటర్ అయితే "ఆరు ఉంటుందిలే" అని మెయిన్‌లో రాసేవాడు. ఒక్క మనిషికి ఏమీ కాదు, కానీ గీత దగ్గరున్న ఊళ్లో ఇలాంటివి అరవై చాలు.

జిల్లా మీద దీని ప్రభావం ఎంతంటే, జిల్లా జనాభా 20 లక్షలు, పట్టణాల్లో 4 లక్షలు ఉన్నాయనుకోండి, 20 శాతం. పైన చెప్పినలాంటి ఊళ్లు 30 గీత దాటితే 1.86 లక్షలు కలుస్తాయి, 29 శాతం దాటుతుంది. తొమ్మిది పాయింట్ల జంప్, పేపర్లో హెడ్డింగ్, రివ్యూ మీటింగ్‌లో "మన జిల్లా పరుగులు పెడుతోంది" అని పవర్‌పాయింట్. నేనే ఒకసారి అలాంటి స్లైడ్ తయారుచేసి, తర్వాత టౌన్ లిస్టు చూసుకుని నాలుక కరుచుకున్నాను.

ఇంకో విషయం, దీన్ని కోచింగ్ నోట్సుల్లో నేనెక్కడా చూళ్లేదు. సెన్సస్ టౌన్ల లిస్టు లెక్కింపుకి ముందే తయారవుతుంది, కాబట్టి దానికి వాడేది పాత సెన్సస్ డేటా. 2011 లిస్టుకి 2001 అంకెలు వాడారు. పదేళ్లలో పెరుగుతుంది కదా అని జనాభా పరీక్షని 5,000 బదులు 4,000గా పెట్టుకుని, 2001లో 4,000 దాటి మిగతా రెండు పరీక్షలూ పాసైన ఊళ్లని 2011కి పట్టణాలన్నారు. అంటే 2001-11 జంప్‌లో మనం చూసే మార్పులో చాలా భాగం 2001కి ముందే జరిగిపోయింది. మీరు 2011 అంకెలతో పరీక్ష చేస్తే కొన్ని సెన్సస్ టౌన్లు ఫెయిలవుతాయి, కొన్ని గ్రామాలు పాసవుతాయి. తప్పు మీది కాదు, లిస్టు పాత డేటాది.

మన జిల్లాల సంగతికొస్తే, ఇక్కడ జంప్ వేరే దార్లలో కూడా వస్తుంది. మనకి ఆగే పరీక్ష 75 శాతం ఒక్కటే కాదు, సాంద్రత కూడా. 5,000 జనం ఉన్న ఊరు పాసవ్వాలంటే రెవెన్యూ విస్తీర్ణం 12.5 చదరపు కిలోమీటర్లు మించకూడదు, మన భాషలో మూడు వేల ఎకరాల పైచిలుకు. అనంతపురం వైపు ఊళ్లు చూడండి, చేలు, బంజరు, గుట్టలు అన్నీ ఆ ఊరి సర్వే నంబర్లలోనే ఉంటాయి, బజారంతా షాపులున్నా సాంద్రత రాదు. ఇవి కాక మన దగ్గర శాతాన్ని జీవోలూ జిల్లాల విభజనలూ కూడా కదుపుతాయి.

జీవో సంగతి. 2018లో తెలంగాణలో ఒక్కసారిగా అరవైకి పైగా కొత్త మున్సిపాలిటీలు వచ్చాయి, చాలా గ్రామ పంచాయతీల్ని వాటిల్లో కలిపేశారు. ఆ పంచాయతీల్లో ముందునుంచే సెన్సస్ టౌన్‌గా ఉన్నవి శాతాన్ని కదపవు, మిగతావి కదుపుతాయి. జీవో దారిలో 75 శాతం పరీక్ష లేదు కాబట్టి పక్కా పల్లె కూడా అర్బన్ అయిపోతుంది. తిరగేసి కూడా జరగొచ్చు. తమిళనాడులో 2004లో ఐదొందల పైన టౌన్ పంచాయతీల్ని గ్రామ పంచాయతీలుగా మార్చారు, గ్రామీణ నిధులు వస్తాయని. 2006లో మళ్లీ వెనక్కి మార్చేశారు. మధ్యలో సెన్సస్ రాలేదు కాబట్టి ఏ టేబుల్లోనూ కనపడదు. వచ్చుంటే తమిళనాడు "పల్లెబాట పట్టింది" అని ఎవరో ఒకరు వ్యాసం రాసేవారు.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 2007లో జీహెచ్ఎంసీ వచ్చినప్పుడు ఎల్‌బీ నగర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి లాంటి 12 మున్సిపాలిటీల్ని, కొన్ని పంచాయతీల్ని కలిపారు. కార్పొరేషన్ జనాభా బాగా పెరిగింది, అయినా ఆ 12 మున్సిపాలిటీల వల్ల జిల్లా అర్బన్ శాతం చుక్క కూడా పెరగలేదు, ఎందుకంటే అవి ముందే పట్టణాలు. 2005లో విశాఖ జీవీఎంసీ అయినప్పుడూ అంతే, గాజువాక మున్సిపాలిటీ కలవడం శాతానికి సున్నా, కలిసిన 32 గ్రామాల్లో అప్పటికి సెన్సస్ టౌన్ కానివి ఏవైతే ఉన్నాయో అవి మాత్రమే లెక్క. నగరం పెరగడం వేరు, జిల్లా శాతం పెరగడం వేరు.

జిల్లాల విభజన అయితే ఇంకా సులువు, కింద అంకె మారిపోతుంది. పాత విశాఖ జిల్లా 2011లో 47.45 శాతం. 2022లో దాన్ని విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడగొట్టాక అవే 2011 అంకెల్ని కొత్త హద్దుల్లో పోస్తే విశాఖ 90 దాటుతుంది, పాడేరు వైపు ఒక్క అంకె దగ్గర ఆగుతుంది. ఒక్క మనిషి కూడా కదల్లేదు.

మీరే చెక్ చేసుకోవాలంటే సెన్సస్ సైట్‌లో ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ అని ఎక్సెల్ ఫైళ్లు దొరుకుతాయి. అందులో `TRU` కాలమ్‌లో Total, Rural, Urban అని ఉంటుంది, `TOT_P` జనాభా. ఊరి 75 శాతం పరీక్షకి ఈ లెక్క:

```
(MAINWORK_M - MAIN_CL_M - MAIN_AL_M) / MAINWORK_M * 100
```

మగ మెయిన్ వర్కర్లలోంచి సాగుదార్లనీ వ్యవసాయ కూలీల్నీ తీసేసి భాగించడం అన్నమాట. విస్తీర్ణం ఇందులో ఉండదు, జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లో విలేజ్ డైరెక్టరీ తీసి చూడాలి, హెక్టార్లలో ఉంటుంది, వందతో భాగించడం మర్చిపోతే సాంద్రత నాలుగు వచ్చి ఇదేంటని తల పట్టుకుంటారు.

నిజమైన మార్పు ఎంతో తెలియాలంటే లిస్టుని కదలకుండా పట్టుకోవాలి. 2011లో పట్టణాలుగా ఉన్నవాటి పేర్లన్నీ రాసుకుని, 2001 ఫైల్లో అవే ఊళ్ల జనాభా వెతికి (అప్పుడు కొన్ని గ్రామాల షీట్లో ఉంటాయి) కూడి, 2001 జిల్లా జనాభాతో భాగించండి. అదే లిస్టుతో రెండు సంవత్సరాల శాతాలు వస్తాయి, వాటి తేడానే పట్టణాలు మిగతా ఊళ్ల కంటే ఎంత వేగంగా పెరిగాయో చెప్తుంది. మిగతా జంప్ అంతా లిస్టు మార్పు. కోడ్ నంబర్లు రెండు సెన్సస్‌లకీ ఒకటి కావు, పేరూ మండలమూ చూసి చేత్తో కలపాల్సిందే, ఒక జిల్లాకి రెండు మూడు రోజుల పని పడుతుంది. ఒకే పేరుతో రెండు ఊళ్లుంటే (కొత్తపల్లులు ఎన్నుంటాయో తెలుసు కదా) విస్తీర్ణం కూడా సరిచూసుకోండి.

అలాగని జంప్ అంతా అబద్ధం అని ఎగ్జామ్‌లో రాయకండి. మలప్పురం ఊళ్లు నిజంగానే పల్లె పోలికలు పోగొట్టుకున్నాయి, అయితే అది 2001-11లో ఒక్కసారిగా జరగలేదు. 2001లో చూపిన 10 శాతమే తక్కువ చూపించిందని కూడా అనొచ్చు, నేనైతే అదే అంటాను.

2027 మార్చి 1 రిఫరెన్స్ డేట్‌గా వచ్చే సెన్సస్‌కి పదహారేళ్ల ఎడం ఉంది, మధ్యలో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 33, ఆంధ్రవి 2022లో 13 నుంచి 26 అయ్యాయి, పైన చెప్పిన మున్సిపాలిటీలు వచ్చాయి. ఆ అంకెలు రాగానే 2011తో పక్కపక్కన పెట్టి టేబుళ్లు వాట్సాప్‌లో తిరుగుతాయి. మీకు అలాంటిది వస్తే ముందు గ్రామీణ జనాభా ఎంత పడిందో చూడండి, తర్వాత టౌన్ల లిస్టులో ప్రతి పేరు పక్కనా ఉండే స్టేటస్ చూడండి, అది సీటీనా, మున్సిపాలిటీనా, ఓజీనా అని.